ఫ్రేమ్ లాగితే బటన్ ఎక్కడికి పోతుంది?

(హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక శనివారం సాయంత్రం యాప్ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసి, పునరుక్తులు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి స్క్రీన్ కనిపిస్తోందా? సరే.

ఇవాళ ఒకే ఒక్క స్క్రీన్ తీసుకుని గంటసేపు దానితోనే గడుపుదాం. స్క్రీన్లు డిజైన్ చేసే ఫిగ్మా అనే టూల్‌లో 360 వెడల్పు, 800 ఎత్తు ఉన్న ఫ్రేమ్ ఇది. టిఫిన్ ఆర్డర్ చేసే స్క్రీన్. పైన పెసరట్టు ఫొటో, ఫ్రేమ్ అంత వెడల్పు, 240 ఎత్తు. ఫొటో మీద కుడి మూలన తెల్లటి గుండ్రంలో గుండె గుర్తు, ఇష్టమైనవాటిలో దాచుకోవడానికి. ఫొటో కింది ఎడమ మూలన ఆకుపచ్చ వెజ్ గుర్తు. ఫొటో కింద పేరు, ధర. అన్నిటికంటే కింద 'ఆర్డర్ చేయి' అనే బటన్, 328 వెడల్పు, 48 ఎత్తు. మూడు వైపులా 16 ఖాళీ వదిలాను.

ఇప్పుడు ఈ ఫ్రేమ్‌ని 412 వెడల్పు, 917 ఎత్తుకి లాగుతాను. ఇంకాస్త పెద్ద ఫోన్ అనుకోండి. చూశారా ఏమైందో. ఫొటో 360 దగ్గరే ఆగిపోయింది, కుడివైపు తెల్లగా ఖాళీ మిగిలింది. గుండె గుర్తు కదల్లేదు. బటన్ కింద 16 ఉండాల్సిన ఖాళీ 133 అయింది, కుడివైపు 68 అయింది. ఇలా ఎందుకైందో చాలామందికి తెలియదు. ఫిగ్మా మాట వినలేదని అనుకుంటారు. నిజానికి అది మనం చెప్పినట్టే చేసింది. మనం ఏమీ చెప్పకపోతే ప్రతి వస్తువునీ Left, Top అని పెట్టేస్తుంది. ఎడమ గోడ నుంచి ఇంత దూరం, పై గోడ నుంచి ఇంత దూరం, ఆ రెండూ మారకూడదు అని. అవి మారలేదు కదా. బటన్ ఇప్పటికీ ఎడమ నుంచి 16, పైనుంచి 736 దగ్గరే ఉంది.

కన్‌స్ట్రెయింట్ అంటే కట్టు. మన వీధుల్లో ఫ్లెక్సీ కట్టడం చూశారుగా. ఒక స్తంభానికే కడితే, రెండో స్తంభాన్ని ఎంత దూరం జరిపినా ఫ్లెక్సీకి సంబంధం లేదు. రెండు స్తంభాలకీ కట్టి ఒకదాన్ని దూరం జరిపితే మధ్యలో ఉన్న గుడ్డ సాగి తీరాలి. ఇక్కడ స్తంభాలంటే ఫ్రేమ్ అంచులు. Left ఒక్కటే పెడితే ఒక కట్టు. ఎడమ, కుడి రెండూ పెడితే రెండు కట్లు, వస్తువు వెడల్పు మారుతుంది. Center పెడితే ఫ్రేమ్ మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది. మీరు పొరపాటున మధ్య నుంచి 4 పక్కకి పెట్టి ఉంటే ఆ 4 కూడా అలాగే ఉంటుంది, ఫిగ్మా దాన్ని సరిచేయదు. నిలువు దిశలోనూ ఇంతే. Scale గురించి తర్వాత విడిగా చెబుతాను, దాని కథ వేరే.

సరే, మన స్క్రీన్‌కి కట్లు వేద్దాం. ఏదైనా వస్తువు ఎంచుకుంటే కుడివైపు ప్యానెల్‌లో దాని కొలతల దగ్గరే కన్‌స్ట్రెయింట్స్ ఉంటాయి. బటన్‌కి అడ్డంగా ఎడమ, కుడి రెండూ, నిలువుగా Bottom. ఫొటోకి అడ్డంగా రెండూ, నిలువుగా Top. గుండె గుర్తుకి Right, Top. మళ్లీ 412, 917 చేస్తున్నాను. బటన్ 380 అయింది, కింద 16 అలాగే ఉంది. గుండె గుర్తు 304 దగ్గర నుంచి 356 దగ్గరికి జరిగింది, కుడివైపు 16 చెక్కుచెదరలేదు. డెవలపర్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీ భాషలో ఈ బటన్ అంటే ఇదే:

```css
.order {
  position: absolute;
  left: 16px;
  right: 16px;
  bottom: 16px;
  height: 48px;
}
```

ఇందులో width అనే మాటే లేదు, గమనించండి. రెండు వైపులా కట్టాక వెడల్పు మనం చెప్పేది కాదు, మిగిలేది.

ఇంతవరకూ వీడియో చూసినా తెలుస్తుంది. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి. కట్టు ఎప్పుడూ వస్తువుకీ దాన్ని పట్టుకుని ఉన్న ఫ్రేమ్‌కీ మధ్యే ఉంటుంది. పక్కన ఉన్న వస్తువుతో దానికి ఏ సంబంధమూ లేదు, పక్కన ఏముందో కూడా దానికి తెలియదు. నాకు ఇది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది, అర్థమయ్యాక మాత్రం నా పని సగానికి తగ్గింది.

ఇప్పుడు అడుగున ఒక బటన్ బదులు రెండు పెడదాం. ఒకటి 'తర్వాత', ఇంకొకటి 'ఆర్డర్ చేయి'. ఒక్కోటి 156 వెడల్పు, మధ్యలో 16 ఖాళీ. మొదటిది 16 దగ్గర మొదలై 172 దగ్గర ముగుస్తుంది. రెండోది 188 నుంచి 344 దాకా. రెండిటికీ అడ్డంగా రెండు వైపులా కట్లు వేశాను. సహజంగా అందరూ చేసేది ఇదే, రెండూ సాగాలి కదా అని. 412కి లాగుతున్నాను.

ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. ఎందుకో లెక్క చూద్దాం. మొదటి బటన్‌కి ఎడమ దూరం 16. కుడి దూరం ఎంత? 360లో 172 పోతే 188. ఈ రెండూ మారకూడదు. కాబట్టి 412లో అది 16 నుంచి 224 దాకా సాగింది. రెండో బటన్‌కి ఎడమ దూరం 188, అది కూడా మారకూడదు, అది 188 నుంచి 396 దాకా వెళ్లింది. 188కీ 224కీ మధ్య 36 పిక్సెళ్లలో రెండూ ఉన్నాయి. ఏ బటనూ తప్పు చేయలేదు. రెండూ ఫ్రేమ్ గోడలతో చేసుకున్న ఒప్పందం నిలబెట్టుకున్నాయి. మధ్యలో 16 ఖాళీ ఉండాలన్నది నా మనసులో ఉంది తప్ప ఏ కట్టులోనూ లేదు.

దీనికి దారులున్నాయి. రెండు బటన్లనీ ఆటో లేఅవుట్ ఫ్రేమ్‌లో, అంటే లోపలివాటిని తనే వరసగా పేర్చే ఫ్రేమ్‌లో పెట్టి, మధ్య ఖాళీ 16 అని రాసి, రెండిటి వెడల్పునీ Fill అని పెట్టి, ఆ బయటి ఫ్రేమ్‌కి మాత్రం ఎడమ, కుడి, కింద కట్లు వేయడం ఒకటి. అప్పుడు 412లో బయటి ఫ్రేమ్ 380 అవుతుంది, 16 తీసేస్తే 364, చెరి 182. ఆటో లేఅవుట్‌కి పక్కవాళ్లు తెలుసు, కట్లకి గోడలు తెలుసు. ఏ పని దేనిదో దానికి ఇవ్వాలి.

రెండో దారి కొద్దిమందికే తెలుసు. ఫ్రేమ్ మీద సాగే రకం కాలమ్ గ్రిడ్ పెట్టారనుకోండి, రెండు కాలమ్‌లు, అంచు 16, మధ్య 16. అప్పుడు కట్లు ఫ్రేమ్ గోడలకి కాకుండా దగ్గరున్న కాలమ్ అంచులకి పడతాయి. అవే బటన్లు, అవే కట్లు, కానీ ఇప్పుడు ఒక్కోటీ తన కాలమ్‌తోపాటు సాగుతుంది, 182 చొప్పున. ఇది గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 'కట్లు సరిగ్గానే వేశాను, వస్తువు వేరేచోటికి పోతోంది' అని ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఫ్రేమ్ మీద గ్రిడ్ ఉందా అనే. గ్రిడ్‌ని కంటికి కనిపించకుండా దాచి మర్చిపోతారు.

(ముందు వరసలో ఒకరు అడిగారు: "మేడమ్, రెండిటికీ Scale పెట్టేస్తే సరిపోదా?")

మంచి ప్రశ్న అడిగారు. దాని దగ్గరికే వస్తున్నాను. పెట్టి చూద్దాం. మొదటిది 18.3 నుంచి 196.8 దాకా, రెండోది 215.2 నుంచి 393.7 దాకా. ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. బాగుందనిపిస్తుంది. కానీ అంచు 16 కాస్తా 18.3 అయింది, ప్రతి కొలతా దశాంశాల్లోకి వెళ్లింది. Scale అంటే దూరం కాదు, శాతం. ఫ్రేమ్ ఎన్ని రెట్లు పెరిగితే వస్తువు స్థానమూ కొలతా అన్ని రెట్లు పెరుగుతాయి.

నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ వాళ్లకి ఇలాంటి స్క్రీనే చేసి ఇచ్చాను. అప్పుడు నాకు ఈ తేడా తెలియదు. Scale అంటే అన్నీ తగినట్టు పెరుగుతాయనుకుని ప్రతి వస్తువుకీ రెండు దిశల్లోనూ అదే పెట్టాను. 412, 917కి లాగి చూశాను, చక్కగా ఉంది. గుండె గుర్తు వెనకున్న గుండ్రం 40 నుంచి 45.8 వెడల్పు, 45.9 ఎత్తు అయింది. కంటికి గుండ్రంగానే ఉంది. నమ్మేశాను. తర్వాత వాళ్లు కౌంటర్ మీద పెట్టుకునే టాబ్లెట్‌కి కూడా కావాలన్నారు, 800 వెడల్పు, 1280 ఎత్తు. అదే ఫ్రేమ్‌ని లాగి, ఆ రాత్రే పంపించేశాను.

పొద్దున్నే ఓనర్ ఫోన్ చేశారు. "అమ్మా, ఆ గుండ్రం కోడిగుడ్డులా ఉందేంటి? బటన్ అంత పెద్దగా ఉంది, దానిమీద అక్షరం కనబడట్లేదు" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు, నాకు మాత్రం ఆ రోజంతా టెన్షనే.

ఏం జరిగిందో చూడండి. ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లినప్పుడు వెడల్పు 1.144 రెట్లు, ఎత్తు 1.146 రెట్లు పెరిగాయి. రెండూ దాదాపు సమానం, అందుకే తప్పు దాక్కుంది. టాబ్లెట్‌లో వెడల్పు 2.22 రెట్లు, ఎత్తు 1.6 రెట్లు. 40 గుండ్రం 88.9 వెడల్పు, 64 ఎత్తు అయింది. కోడిగుడ్డే. బటన్ 729 వెడల్పు, దాదాపు 77 ఎత్తుకి ఉబ్బింది. కానీ Scale కట్టు అక్షరాల సైజుని ముట్టుకోదు. టెక్స్ట్ చుట్టూ ఉన్న పెట్టె పెరుగుతుంది, లోపలి 16 సైజు అక్షరం 16గానే ఉంటుంది. బటన్ మూలల గుండ్రదనమూ అంతే, మారదు. అక్షరాలతో సహా అన్నీ ఒకే నిష్పత్తిలో పెరగాలంటే K నొక్కితే వచ్చే స్కేల్ టూల్ వేరే ఉంది, అది కట్లని పట్టించుకోదు. రెండిటికీ ఒకే పేరు ఉండటంతో చాలామంది తికమకపడతారు.

అందుకే నేను Scaleని బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండే అలంకారాలకి తప్ప వాడను. వేలితో నొక్కేవాటికి అసలు వాడను. అది నా అలవాటు, మీరు మీ పనిని బట్టి చూసుకోండి. పరీక్షించేటప్పుడు మాత్రం అదే నిష్పత్తి ఉన్న ఇంకో ఫోన్‌కి లాగి చూసి ఆపేయకండి. ఫ్రేమ్‌కి కాపీ తీసుకుని, ముందు వెడల్పు ఒక్కటే మార్చండి, 360 నుంచి 800కి. చూడండి. తర్వాత ఎత్తు ఒక్కటే మార్చండి. మౌస్‌తో లాగడం కంటే W, H గడుల్లో అంకె రాయడం మేలు, ఎందుకంటే లాగేటప్పుడు చెయ్యి Ctrl మీద ఉంటే, మ్యాక్‌లో అయితే Cmd మీద ఉంటే, ఫిగ్మా కట్లన్నిటినీ పక్కనపెట్టి ఫ్రేమ్‌ని మాత్రమే మారుస్తుంది. లోపలివాటిని కదల్చకుండా ఫ్రేమ్‌కి కొంచెం చోటు పెంచుకోవాలంటే అది చాలా ఉపయోగం. తెలియక నొక్కితే మాత్రం కట్లు పనిచేయడం లేదనిపిస్తుంది.

ఇప్పుడు ఫొటో సంగతి. దీనికి ఎక్కువ సమయం ఇస్తాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే.

ఫొటో, గుండె గుర్తు, వెజ్ గుర్తు మూడూ ఒకచోట కదలాలి కదా అని చాలామంది మూడిటినీ ఎంచుకుని Ctrl+G కొట్టి గ్రూప్ చేస్తారు. గ్రూప్‌కి సొంత గోడలు లేవు. అది మూడిటినీ కలిపి కట్టిన మూట మాత్రమే. లోపలి వస్తువుల కట్లు ఆ మూటని దాటి బయటి స్క్రీన్ గోడలకే పడతాయి. వెజ్ గుర్తు చూడండి. దాన్ని ఫొటో కింది అంచు నుంచి 16 పైన పెట్టాను, అంటే స్క్రీన్ పైనుంచి 200 దగ్గర. ఇప్పుడు దానికి Bottom పెడితే ఏమవుతుంది? నేను అనుకునేది ఫొటో కింది అంచు. అది అనుకునేది స్క్రీన్ కింది అంచు. స్క్రీన్ ఎత్తు 800 నుంచి 917 అయ్యేసరికి వెజ్ గుర్తు 117 కిందికి జారి, ఫొటో దాటి, ధర కిందెక్కడో కూర్చుంటుంది. ఇక గ్రూప్‌నే పట్టుకుని లాగితే, లోపలివన్నీ సాగిపోతాయి, కట్లని ఎవరూ అడగరు.

కాబట్టి ఆ మూడిటికీ సొంత గోడలు కట్టాలి. గ్రూప్‌ని ఎంచుకుని కుడి ప్యానెల్‌లో Group అన్నచోట Frame అని మార్చండి. లేదా మొదటే Ctrl+Alt+G తో ఫ్రేమ్‌లో పెట్టండి. ఇప్పుడు 360 వెడల్పు, 240 ఎత్తు ఉన్న చిన్న ఫ్రేమ్ వచ్చింది. ఇక కట్లు రెండు అంతస్తులుగా ఆలోచించాలి. ఈ చిన్న ఫ్రేమ్‌కి బయటి స్క్రీన్‌తో: ఎడమ, కుడి, పైన. లోపల ఫొటోకి చిన్న ఫ్రేమ్‌తో: నాలుగు వైపులా. గుండె గుర్తుకి Right, Top. వెజ్ గుర్తుకి Left, Bottom. ఫ్రేమ్‌గా మార్చాక లోపలివాటి కట్లు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోండి, అలాగే ఉంటాయని నమ్మకండి. వస్తువుని ఎంచుకోగానే దాని నుంచి సన్నటి నీలం చుక్కల గీతలు వస్తాయి. అవి ఏ గోడ దాకా వెళ్తున్నాయో అదే దాని గోడ. గీత చిన్న ఫ్రేమ్ అంచు దగ్గర ఆగకుండా స్క్రీన్ అంచు దాకా వెళ్తుంటే, అది ఇంకా మూటలోనే ఉందన్నమాట.

ఇప్పుడు స్క్రీన్‌ని 800కి లాగుతున్నాను. గుండె గుర్తు కుడి మూలనే ఉంది, 40, 40. వెజ్ గుర్తు ఎడమ కింది మూలనే. బాగుంది. కానీ పెసరట్టుని చూడండి. పైన కొంత, కింద కొంత పోయి మధ్యలో పట్టీలా కనిపిస్తోంది. నా ఫొటో మూడుకి రెండు నిష్పత్తిలో ఉంది, 360కి 240. ఫ్రేమ్ ఇప్పుడు 800కి 240. ఫొటోని Fill పద్ధతిలో పెట్టాను కాబట్టి అది వెడల్పంతా నింపాలి. 800 వెడల్పుకి ఫొటో ఎత్తు 533 అవుతుంది, కనిపించేది 240 మాత్రమే, మిగిలిన 293 పైనా కిందా కత్తిరించిపోయింది. Fit పెడితే కత్తిరించదు, కానీ పక్కన ఖాళీ వస్తుంది.

కట్లతో దీనికి మందు లేదు. కట్టు దూరాన్ని కాపాడుతుంది, నిష్పత్తిని కాదు. సరే, చిన్న ఫ్రేమ్ ఎత్తుని చేత్తో 533 చేశాను. గుండె గుర్తు, వెజ్ గుర్తు వాటి మూలలతోపాటు బాగానే కదిలాయి, ఎందుకంటే వాటికి ఇప్పుడు సొంత గోడలున్నాయి. కానీ పెసరట్టు పేరు 256 దగ్గరే ఉండిపోయింది, ఫొటో దాని మీదకి వచ్చేసింది. మళ్లీ పక్కవాడి సమస్యే. ఫొటో ఫ్రేమ్‌నీ పేరునీ ధరనీ నిలువు ఆటో లేఅవుట్‌లో పెడితే, ఫొటో పెరిగినప్పుడు పేరు తనంతట తానే కిందికి జరుగుతుంది. ఆ ఆటో లేఅవుట్ మొత్తానికి బయటి స్క్రీన్‌తో ఎడమ, కుడి, పైన కట్లు. ఆటో లేఅవుట్ లోపల ఉన్న పేరుకి, ధరకి ఇక కట్లు వర్తించవు, వాటి స్థానం ఆ వరస నిర్ణయిస్తుంది. ఫొటో ఫ్రేమ్ లోపలున్న గుండె గుర్తుకి మాత్రం మునుపటిలాగే పనిచేస్తాయి, ఎందుకంటే దాని గోడలు ఫొటో ఫ్రేమ్‌వి, అది మామూలు ఫ్రేమే.

(మధ్యలో కూర్చున్న ఒక అబ్బాయి: "అక్కా, టాబ్లెట్‌లో ఆర్డర్ బటన్ 768 అయిపోయింది. అంత పొడుగు బాలేదు. 400 దాటకుండా చేయొచ్చా?")

కట్టుతో కుదరదు తమ్ముడూ. ఇంత దాకా సాగి ఆగిపో అని చెప్పే మాట కట్లలో లేదు. Center పెడితే బటన్ 328గానే మధ్యలో ఉంటుంది, టాబ్లెట్‌లో చూడటానికి బాగుంటుంది, కానీ 412 ఫోన్‌లో అటూ ఇటూ 42 చొప్పున ఖాళీ వస్తుంది. గరిష్ఠ వెడల్పు అనేది ఆటో లేఅవుట్‌లో ఉంది. బటన్‌ని ఆటో లేఅవుట్ ఫ్రేమ్‌లో పెట్టి, Fill ఇచ్చి, Max width 400 రాయి, మధ్యకి అలైన్ చెయ్యి. బయటి ఫ్రేమ్ రెండు గోడలకీ సాగుతుంది, లోపలి బటన్ 400 దగ్గర ఆగుతుంది. ఫోన్‌లో అది 380, టాబ్లెట్‌లో 400.

(వెనక నుంచి: "స్క్రోల్ చేస్తే బటన్ కింద ఆగట్లేదు మేడమ్, Bottom పెట్టినా కూడా.")

అది వేరే సంగతి. Bottom అనేది ఫ్రేమ్ సైజు మారినప్పుడు ఏం చేయాలో చెబుతుంది. స్క్రోల్ చేసినప్పుడు సైజు మారదు, లోపలి సరుకు జరుగుతుంది. బటన్‌ని ఎంచుకుని, Prototype ట్యాబ్‌లో స్క్రోల్ దగ్గర Position అన్నచోట Fixed అని పెట్టండి. Bottom కట్టు తీసేయకండి, రెండూ ఉండాలి. బటన్ స్క్రీన్‌కి నేరుగా పిల్లగా ఉండాలి, ఇందాకటిలా ఆటో లేఅవుట్ లోపల ఉంటే ఆ బయటి ఫ్రేమ్‌కే ఈ రెండూ పెట్టాలి.

ఇంకొకటి అడిగారు ఎవరో, బటన్ కాంపొనెంట్ సాగితే లోపలి 'ఆర్డర్ చేయి' అన్న మాట ఎడమకే ఉండిపోతోందని. కట్లు వాడితే, మెయిన్ కాంపొనెంట్‌కి, అంటే బటన్ అసలు ప్రతికి వెళ్లి ఆ టెక్స్ట్‌కి అడ్డంగా Center, నిలువుగా Center పెట్టండి. టెక్స్ట్ అలైన్‌మెంట్ కూడా మధ్యకి పెట్టండి, లేకపోతే 'ఆర్డర్ చేయి' బదులు 'ఇప్పుడే ఆర్డర్ చేయండి' అని రాయగానే మాట కుడివైపుకే పెరుగుతుంది. దాని కాపీలో, అంటే ఇన్‌స్టెన్స్‌లో మార్చాలని చూడకండి, లోపలి కట్లు అక్కడ మారవు. మెయిన్ దగ్గర మారిస్తే ఫైల్‌లో ఉన్న ప్రతి బటన్‌కీ వస్తుంది.

ఇప్పుడు లాప్‌టాప్‌లు తెరవండి. నేను పంపిన ఫైల్‌లో ఈ స్క్రీన్ కట్లేమీ లేకుండా ఉంది, మూడూ మూటలోనే ఉన్నాయి. ముందు మూట విప్పండి. నేను మీ వరసల్లోకి వస్తున్నాను.